‘నాకెవరూ చెప్పలేదు సార్!’

చెప్పానంటాడు యజమాని. వినలేదంటాడు కార్మికుడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మరి మాట మధ్యలో ఎక్కడ పోయినట్టు? అది వెతికి పట్టుకునే పద్ధతే కమ్యూనికేషన్ ఆడిట్.

ఒక చిన్న కంపెనీని ఊహించుకోండి. అట్టపెట్టెలు తయారుచేస్తుంది. మొత్తం 46 మంది. ఆఫీసులో 9 మంది, సూపర్‌వైజర్లు 5, మిషన్ల దగ్గర 24, గోదాం-డెలివరీ పనిలో 8. రెండు షిఫ్టులు.

ఓ రోజు మధ్యాహ్నం మూడింటికి పచ్చళ్ల కంపెనీ నుంచి ఫోన్. ‘సీసా మార్చాం. పెట్టె ఎత్తు అరంగుళం పెంచండి’ అన్నారు. మూడూ పదికల్లా యజమాని ఆ సంగతి కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. మొదటి షిఫ్టు సూపర్‌వైజర్ చూశాడు, ‘సరే సార్’ అని బదులిచ్చాడు. నాలుగున్నరకు షిఫ్టు మారింది. తెల్లారి చూస్తే... పాత కొలతతోనే ఆరు వేల పెట్టెలు!

‘గ్రూపులో పెట్టాను కదా!’ అని యజమాని కేకలు. ‘నాకెవరూ చెప్పలేదు సార్’ అని రెండో షిఫ్టు ఆపరేటర్ గొణుగుడు. నష్టాన్ని అతని జీతంలో కోయాలా, ఉద్యోగంలోంచే తీసేయాలా అన్న చర్చ మొదలైంది. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ కబురు అతని దాకా చేరే దారి ఒకటి ఉందా?

కంపెనీ, అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. పద్ధతి మాత్రం అచ్చంగా నిజం. దానికి ఏడు దశాబ్దాల చరిత్ర ఉంది. కంపెనీలో పుకార్లు ఏ దారిన పాకుతాయో తెలుసుకోవడానికి అమెరికాకు చెందిన కీత్ డేవిస్ 1953లో ఒక చిట్కా ప్రచురించాడు. ఆ మరుసటి ఏడాదే జార్జ్ ఒడియోర్న్ రాసిన వ్యాసంలో ‘కమ్యూనికేషన్ ఆడిట్’ అన్న మాట కనిపిస్తుంది. 1970లలో ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్ దీనికి ప్రశ్నావళి, ఇంటర్వ్యూలు, డైరీలతో ఒక పూర్తి చట్రం తయారుచేసింది. పెద్ద సంస్థల కోసం పుట్టిన ఆ చట్రాన్ని 46 మందికి సరిపోయేలా కుదించుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

ముందు దారులు లెక్కపెట్టాలి

ఆడిట్ చేసే మనిషి బయటివాడైతే మేలు. మొదటిరోజు అతను ఎవరినీ ఏమీ అడగడు. కాగితం, పెన్ను పట్టుకుని కంపెనీ అంతా తిరుగుతాడు. కబురు నడిచే దారులన్నీ ఒక పట్టికలో రాసుకుంటాడు. నోటీసు బోర్డు, వాట్సాప్ గ్రూపు, ఆఫీసు ఈమెయిల్, పొద్దుటి పది నిమిషాల మీటింగ్, యజమాని ఫోన్లు, గేటు బయట టీ కొట్టు. ఒక్కోదాని ఎదురుగా నాలుగు సంగతులు. ఎవరు చెబుతారు, ఎవరికి చేరుతుంది, ఎంత తరచుగా, తిరిగి ప్రశ్న అడిగే వీలుందా?

ఈ పట్టిక దగ్గరే సగం గుట్టు బయటపడుతుంది. మన కంపెనీలో నోటీసు బోర్డు ఆఫీసు వరండాలో ఉంది. మిషన్ల వాళ్లు వచ్చేది వెనక గేటు నుంచి. బోర్డు మీద అన్నిటికంటే పైనున్న కాగితం గత సంక్రాంతి సెలవులది. పొద్దుటి మీటింగ్ మొదటి షిఫ్టుకే ఉంది, రెండో షిఫ్టుకు లేదు. ఇక వాట్సాప్ గ్రూపు. సభ్యులు 39 మంది. ‘దాదాపు అందరూ ఉన్నారు’ అని యజమాని ధీమా. పేర్లను జీతాల రిజిస్టరుతో పక్కపక్కన పెట్టి చూస్తే నలుగురు ఎప్పుడో మానేసినవాళ్లు. అంటే ఉన్నది 35 మంది. గ్రూపులో లేని 11 మందిలో ఏడుగురు మిషన్లవాళ్లు, నలుగురు గోదాంవాళ్లు. ఆఫీసువాళ్లు మాత్రం ఒక్కరూ తప్పిపోలేదు.

ఈ లెక్కకు ఎవరి అభిప్రాయంతోనూ పనిలేదు. అందుకే దీన్ని ముందు చేయాలి. రేపు ప్రశ్నావళిలో ఎవరేం చెప్పినా సరిపోల్చుకోవడానికి ఇదే ఆధారం.

ప్రశ్న అడగడమే అసలు విద్య

‘మన కంపెనీలో కమ్యూనికేషన్ బాగుందా?’ అని అడిగితే ఏం చెబుతారు? యజమాని మీద ప్రేమున్నవాళ్లు బాగుందంటారు. కోపమున్నవాళ్లు బాలేదంటారు. భయమున్నవాళ్లు కూడా బాగుందనే అంటారు. చేతికి ఏమీ రాదు.

1970ల నాటి ఆ చట్రంలోని తెలివి ఇక్కడే ఉంది. ఒక్కో విషయం మీద ఒకటి కాదు, రెండు ప్రశ్నలు. ‘ఈ సమాచారం ఇప్పుడు మీకు ఎంత అందుతోంది?’ ‘ఎంత అందాలి?’ రెండింటికీ ఒకటి నుంచి ఐదు వరకు గడులు. ఒకటంటే చాలా తక్కువ, ఐదంటే చాలా ఎక్కువ. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే లోటు. తక్కువ అందడం దానంతటదే జబ్బు కాదు. కావాల్సినదానికంటే తక్కువ అందడమే జబ్బు. కంపెనీ లాభనష్టాల గురించి గోదాం కుర్రాడికి పెద్దగా తెలియకపోవచ్చు. అతనికి అది పెద్దగా అక్కర్లేకపోతే అక్కడ మందు వేయాల్సిన పనిలేదు.

మన అట్టపెట్టెల కంపెనీకి ఎనిమిది విషయాలు చాలు. ఆర్డర్లలో మార్పులు, షిఫ్టు సమయాలు, ఓటీ లెక్క, సెలవుల నిబంధనలు, మిషన్ మరమ్మతులు-భద్రత, నా పని ఎలా ఉందన్న మాట, కంపెనీ పరిస్థితి, ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలన్న సంగతి. రెండేసి గడుల చొప్పున 16 టిక్కులు. ఇవన్నీ పైనుంచి కిందికి వచ్చే కబుర్లు. కిందినుంచి పైకి వెళ్లేవాటికి ఇంకో మూడు ప్రశ్నలు చేర్చాలి. ‘పనిలో తేడా గమనిస్తే ఎవరికి చెబుతారు? గత నాలుగు వారాల్లో అలా ఎన్నిసార్లు చెప్పారు? చెప్పాక బదులు వచ్చిందా?’

ఆ ‘గత నాలుగు వారాల్లో’ అన్న మాట కావాలని పెట్టిందే. ‘సాధారణంగా చెబుతారా?’ అంటే ఎవరైనా చెబుతాననే అంటారు. నాలుగు వారాలు అని గిరి గీస్తే గుర్తు తెచ్చుకుని రాస్తారు. అలాగే ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు దూరకూడదు. ‘సూపర్‌వైజర్ స్పష్టంగా, మర్యాదగా చెబుతారా?’ అని అడిగారనుకోండి. స్పష్టంగా చెప్పి బూతులు తిట్టే సూపర్‌వైజర్ ఉంటే ఆ పాపం కార్మికుడు ఏ గడిలో టిక్కు పెట్టాలి?

చివర్లో ఒక్కటంటే ఒక్క ఖాళీ జాగా. ‘ఈమధ్య ఒక సమాచారం సమయానికి అందక ఇబ్బంది పడిన సందర్భం ఏదైనా ఉంటే రాయండి. ఏం జరిగింది?’ సలహాలు అడగొద్దు, సంఘటన అడగండి. సలహా అడిగితే నీతులు వస్తాయి. సంఘటన అడిగితే నిజం వస్తుంది.

ఇక భాష. మిషన్ల దగ్గర ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లుంటే వాళ్ల భాషలో కాగితం ఉండాలి. ఒకరు అనువదించాక, అసలు చూడని మరొకరిచేత దాన్ని తిరిగి తెలుగులోకి చెప్పించుకోవాలి. అర్థం మారితే అక్కడే తెలిసిపోతుంది. చదవడం రానివాళ్లకు బయటి మనిషి చదివి వినిపించాలి, సూపర్‌వైజర్ కాదు. అందరికీ ఇచ్చేముందు నలుగురితో నింపించి చూడాలి. పదిహేను నిమిషాలు దాటితే ప్రశ్నలు తగ్గించాలి. ఏ ప్రశ్న దగ్గర పెన్ను ఆగి తల పైకి లేస్తుందో ఆ ప్రశ్నను మార్చాలి.

పేరు రాయకపోతే చాలా?

చిన్న కంపెనీకి ఉన్న పెద్ద చిక్కు ఇదే. ఐదు వేల మందిలో పేరు లేని కాగితం నిజంగా పేరు లేనిదే. 46 మందిలో అలా కాదు. విభాగం, వయసు, ఆడా మగా, ఎన్నేళ్ల సర్వీసు అని నాలుగు గడులు పెట్టారనుకోండి. గోదాంలో ఒక్క మహిళే ఉంటే ఆమె పేరు రాసేసినట్టే! అందుకని విభాగం ఒక్కటే అడగాలి. ఐదుగురికంటే తక్కువ జవాబులు వచ్చిన విభాగాన్ని విడిగా చూపించకుండా పక్క విభాగంలో కలిపేయాలి.

ఉద్యోగి ఈమెయిల్‌తో తెరుచుకునే ఆన్‌లైన్ ఫారం కంటే తాళం వేసిన పెట్టె నయం. అందరికీ ఒకే రంగు పెన్నులు. తాళంచెవి బయటి మనిషి దగ్గర. నింపే గదిలో యజమాని, మేనేజర్ ఉండకూడదు. ఖాళీ జాగాలో చేత్తో రాసినవాటిని టైపు చేశాకే రిపోర్టులోకి ఎక్కించాలి, అసలు కాగితాలు కంపెనీకి ఇవ్వకూడదు. ఈ షరతులన్నిటికీ యజమాని మొదలుపెట్టకముందే ఒప్పుకోవాలి. ‘డబ్బులిస్తున్నది నేను, కాగితాలు చూపించవా?’ అనేవాడైతే ఆడిట్ మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఇంత చేసినా భయం పోయిందో లేదో తెలిసేదెలా? జవాబులే చెబుతాయి. కాగితాలన్నీ ఐదులతో నిండితే సంతోషించకండి. లేదా అన్నిటికీ మూడే టిక్కు పెట్టి ఉంటే అది అభిప్రాయం కాదు, తప్పించుకోవడం. నోటీసు బోర్డు దగ్గరకు వెళ్లే దారే లేని మనిషి ‘బోర్డు వల్ల చాలా ఎక్కువ తెలుస్తోంది’ అని రాస్తే, మొదటిరోజు వేసిన పట్టిక అతని భయాన్ని పట్టిచ్చేస్తుంది.

ఒక్క కబురు వెంట పడండి

ఇప్పుడు కీత్ డేవిస్ చిట్కా. ఒక కబురును ఎంచుకుని అది ఎవరికి, ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ దారిన చేరిందో అందరినీ ఒకేసారి అడగడం. కబురును ఎంచుకోవడంలో జాగ్రత్త ఉండాలి. ఆరు వేల పెట్టెల గొడవను పట్టుకుంటే అందరూ తమను కాపాడుకునే జవాబులే ఇస్తారు. తగాదా లేని కబురు కావాలి.

మన కంపెనీలో అలాంటిది దొరికింది. సోమవారం నుంచి షిఫ్టు సమయాలు అరగంట ముందుకు జరుగుతున్నాయి. బోర్డు మీద, గ్రూపులో పెట్టారు. అందులో నాలుగు ముక్కలున్నాయి. ఏ తేదీ నుంచి, మొదటి షిఫ్టు ఎన్నింటికి, రెండో షిఫ్టు ఎన్నింటికి, కంపెనీ ఆటో ఎన్నింటికి. శనివారం నాడు అందరికీ ఒక చిన్న చీటీ ఇచ్చారు. ‘ఈ నాలుగింటిలో ఇవాళ్టికి ముందే మీకు తెలిసినవి ఏవి? మొదట ఎవరు చెప్పారు? ఎలా తెలిసింది? ఏ రోజు?’

46 మందిలో 41 మంది చీటీలు ఇచ్చారు. ఆఫీసులో తొమ్మిదికి తొమ్మిది మందికీ, సూపర్‌వైజర్లు ఐదుగురికీ నాలుగు ముక్కలూ తెలుసు. మిషన్లవాళ్లలో జవాబిచ్చిన 20 మందిలో ఎనిమిది మందికి పూర్తిగా తెలుసు, ఏడుగురికి సగం సగం, ఐదుగురికి అసలేమీ తెలియదు. గోదాంలో ఏడుగురిలో ఇద్దరికి తెలుసు, ఐదుగురికి తెలియదు. మిషన్ల దగ్గర పూర్తిగా తెలిసిన ఆ ఎనిమిది మందిలో ఐదుగురికి సూపర్‌వైజర్ నోటితో చెప్పాడు, ఇద్దరికి తోటివాళ్లు చెప్పారు. గ్రూపులో చూసి తెలుసుకున్నవాడు ఒక్కడే! మిషన్ల దగ్గర 17 మంది గ్రూపులో ఉన్నా సరే. యజమాని నమ్ముకున్న దారి, కార్మికుడికి కబురు అందే దారి వేర్వేరన్నమాట.

సగటు చేసే మోసం

ప్రశ్నావళి లెక్కలు చూద్దాం. ‘ఆర్డర్లలో మార్పులు ఎంత అందుతున్నాయి?’ అన్నదానికి కంపెనీ మొత్తం సగటు 2.8 వచ్చింది. ఐదులో సగం పైనే కాబట్టి ‘ఫర్వాలేదు’ అనిపిస్తుంది. విభాగాలుగా విడగొడితే అసలు బొమ్మ కనిపిస్తుంది. ఆఫీసు 4.2, సూపర్‌వైజర్లు 4.4, మిషన్లు 2.1, గోదాం 2.0. ‘ఫర్వాలేదు’ అనే మనిషి కంపెనీలో ఎక్కడా లేడు! పైనున్నవాళ్లకు పుష్కలంగా తెలుసు, పనిచేసే చేతులకు తెలియదు. సగటు ఆ రెండింటినీ కలిపి కప్పేసింది.

లోటు చూస్తే ఇంకో ఆశ్చర్యం. మిషన్లవాళ్లు ఆర్డర్ల మార్పులకు ‘అందాలి’ గడిలో 4.3 ఇచ్చారు. లోటు 2.2. కానీ అంతకంటే పెద్ద లోటు మరొకటుంది. అది ఓటీ లెక్క. అందుతున్నది 1.9, కావాల్సింది 4.6, లోటు 2.7. యజమాని ఆడిట్ పెట్టించింది పెట్టెల కోసం. కార్మికుల మనసులో ఉన్నది తమ గంటల లెక్క. అది తేల్చకుండా ‘కంపెనీ కబుర్లు శ్రద్ధగా వినండి’ అంటే వినేదెవరు?

ఇంత చిన్నచోట శాతాలు వాడకూడదు. ‘గోదాంలో 71 శాతం మందికి తెలియదు’ అంటే ఏదో పెద్ద సర్వేలా ఉంటుంది. ‘ఏడుగురిలో ఐదుగురు’ అంటే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. 2.1కీ 2.0కీ మధ్య తేడాకు కూడా అర్థం వెతకొద్దు. ఒక్క మనిషి టిక్కు అటూ ఇటూ అయితే ఆ అంకె మారిపోతుంది.

ఖాళీ జాగాలో ఏం రాశారు? ఒక కాగితంలో ఇలా ఉంది. ‘కొత్త సీసా శాంపిల్ బల్ల మీద చూశాను. పెట్టె పొట్టిగా ఉంటుందేమో అనిపించింది. అడుగుదామంటే సూపర్‌వైజర్ లేడు. రాత్రిపూట సార్‌కి ఫోన్ చేస్తే తిడతారని ఊరుకున్నా.’

ఆరు వేల పెట్టెల గుట్టు మొత్తం ఈ నాలుగు వాక్యాల్లో ఉంది. కానీ దీన్ని రిపోర్టులో యథాతథంగా వేస్తే రాసిందెవరో అందరికీ తెలిసిపోతుంది. ‘తేడా చూసీ ఊరుకున్నావా?’ అని అతన్నే పట్టుకుంటారు. అందుకే మంచి ఆడిటర్ మిగతా కాగితాలు, ఇంటర్వ్యూలు చూస్తాడు. 20 మంది మిషన్లవాళ్లలో తొమ్మిది మంది, ‘తేడా గమనిస్తే రెండో షిఫ్టులో ఎవరిని అడగాలో తెలియదు’ అన్నారు. రిపోర్టులోకి ఎక్కేది ఆ వాక్యమే. సీసా, శాంపిల్, బల్ల అన్న మాటలు అందులో ఉండవు.

మూడు సిఫార్సులు చాలు

ఆడిట్ రిపోర్టులు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. ‘సమాచార మార్పిడిని మెరుగుపరచాలి’ లాంటి పాతిక వాక్యాలు రాస్తారు. ఏదీ జరగదు. ఒక్కో సిఫార్సులో మూడు సంగతులు లేకపోతే అది సిఫార్సు కాదు. ఎవరు చేయాలి, ఎప్పటికల్లా, జరిగిందని తెలిసేదెలా?

మన కంపెనీకి మొదటిది, ఆర్డర్ మార్పు కాగితం మీద మిషన్ దాకా నడిచి రావాలి. కొలత మారితే ఆఫీసు ఎర్ర జాబ్ కార్డు రాస్తుంది. సూపర్‌వైజర్ పాత కార్డు వెనక్కి తీసుకుని కొత్తది మిషన్‌కు తగిలిస్తాడు, ఆపరేటర్ సంతకం పెడతాడు. పాత కార్డు ఆఫీసుకు తిరిగొస్తేనే కబురు చేరినట్టు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడితే ఫోన్ తెరిచారని అర్థం, కొలత మార్చుకున్నారని కాదు. గ్రూపు ఉండనివ్వండి. మానేసినవాళ్లను తీసేసి, గుడ్‌మార్నింగ్ పూలు ఆపి, తెలిస్తే మంచిదే అనుకునే సంగతులకు వాడుకోండి. తెలియకపోతే నష్టం వచ్చే సంగతులకు మాత్రం వద్దు.

రెండోది, షిఫ్టుల మధ్య పది నిమిషాలు ఇద్దరు సూపర్‌వైజర్లూ కలిసి ఉండాలి. ఒక రిజిస్టరులో మూడే వరుసలు. ఏం మారింది, ఏ మిషన్ ఇబ్బంది పెడుతోంది, ఈ షిఫ్టులో అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ చివరి వరుసలో పేరు, నంబరు పెద్దక్షరాలతో మిషన్ల దగ్గర అంటించాలి. అనుమానంతో మిషన్ ఆపినవాణ్ని తిట్టకూడదని యజమాని అందరి ముందూ చెప్పాలి. ఆ పది నిమిషాలకూ జీతం ఇవ్వాలి. ఇవ్వకపోతే నెల తిరక్కుండా ఆ రిజిస్టరు ఖాళీ అయిపోతుంది.

మూడోది, జీతం చీటీతోపాటు ఓటీ గంటలు రోజువారీగా రాసిన కాగితం. జీతాల రోజున అరగంట అకౌంటెంట్ మిషన్ల దగ్గరే కూర్చుంటాడు. తేడా ఉందన్నవాళ్ల పేరు రాసుకుని ఏడు రోజుల్లో జవాబు చెబుతాడు.

ఫలితాలు ముందు చెప్పాల్సింది కూడా అందరికీ. మూడు వారాల్లోపు రెండు షిఫ్టులకూ విడివిడిగా, ఒకే పేజీ కాగితంతో. చేయబోతున్నవే కాదు, చేయలేనివి కూడా చెప్పాలి. కాగితాలు తీసుకుని మౌనంగా ఉంటే రెండోసారి ఎవరూ పెన్ను పట్టరు.

ఆరు నెలలకు మళ్లీ అవే ప్రశ్నలు, మళ్లీ ఒక మామూలు కబురు వెంట పడటం. మిషన్ల దగ్గర 20 మందిలో ఎనిమిది మందికి తెలిసిన చోట పదహారు మందికి తెలిస్తే దారి పడినట్టు. ప్రశ్నావళిలో మార్కులు పెరిగి, ఈ లెక్క పెరగకపోతే? జనం మంచి మాట చెప్పడం నేర్చుకున్నారు తప్ప కబురు చేరడం లేదని అర్థం.

ఆడిట్‌కు హద్దులూ ఉన్నాయి. ఓటీ డబ్బులు నిజంగానే ఎగ్గొట్టే కంపెనీలో లెక్క ఎంత స్పష్టంగా చెప్పినా కోపమే పెరుగుతుంది. అది కమ్యూనికేషన్ సమస్య కాదు, జీతాల సమస్య. ఆ తేడా యజమానికి మొహమాటం లేకుండా చెప్పడం కూడా ఆడిటర్ పనే. ఆరు వేల పెట్టెల డబ్బు ఎవరి జీతంలోంచి కోయాలన్న ప్రశ్నకు కూడా ఈ లెక్కలు ఒక జవాబు చెబుతాయి. దారే లేని చోట, కబురు అందనివాడిది తప్పు కాదు.